సీఓ సాబ్ చేత్తో రాసిన ఉత్తరాలు

మొన్న మా పాత పల్టన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, మా కమాండింగ్ ఆఫీసర్, సీఓ సాబ్ ఇక లేరని. వయసు అయిపోయిన మనిషే, నిద్రలోనే పోయారట. గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెడుతున్నారు, ఫలానా చోట కమాండ్ చేశారు, ఫలానా పరేడ్‌లో ఇలా అన్నారు అని ఎవరికి గుర్తొచ్చింది వాళ్ళు రాస్తున్నారు. నేనేమీ రాయలేకపోయాను ఆ పూట. నాకు ఆయన అనగానే పరేడ్లు గుర్తురావు, సియాచిన్ బేస్ క్యాంపులో ఆయన గది, గది వెచ్చబెట్టే కిరోసిన్ బుఖారీ పొగ, ఆ బుఖారీ పక్కన వెచ్చబెట్టుకున్న పెన్ను గుర్తొస్తాయి. చలికి బాల్ పెన్నులో ఇంకు గడ్డకట్టి రాసేది కాదు, కాసేపు వెచ్చబెడితే నాలుగు లైన్లు రాసేది, మళ్ళీ ఆగిపోయేది. అలా ఆగుతూ ఆగుతూ ఆయన చనిపోయిన జవాన్ల ఇళ్ళకి ఉత్తరాలు రాసేవారు.

నేను అప్పట్లో హవల్దార్ క్లర్క్‌ని, సీఓకి ఆఫీసు పనులు చూసే అడ్జుటెంట్ దగ్గర పని. సీఓ అంటే పల్టన్ మొత్తానికి పెద్ద దిక్కు, ఎనిమిదొందల మందికి పైగా మనుషుల బాధ్యత ఆయనదే. జవాను డ్యూటీలో చనిపోతే ఇంటికి సర్కారు తరఫున టెలిగ్రాం ఒకటి వెళ్ళేది, అది రికార్డ్స్ ఆఫీసు పంపేది, మా పల్టన్ వాళ్ళకి నీలగిరుల్లో వెల్లింగ్టన్ నుంచి వెళ్ళేది. దాని తర్వాత సీఓ తన చేత్తో రాసిన ఉత్తరం వెళ్ళాలి. ఇది టైపు కొట్టించి సంతకం పెట్టే ఉత్తరం కాదు. ఆయన చేత్తో రాస్తే, ఫైలుకి ఒక కాపీ ఉండాలి కాబట్టి నేను దాన్ని చూసి టైపు కొట్టేవాణ్ణి. అందుకని ఆయన రాసిన ప్రతి ఉత్తరమూ నేను చదివాను. తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాటికి తెలుగు కాపీ కూడా నేనే రాసేవాణ్ణి, పెద్ద అక్షరాలతో, లైనుకీ లైనుకీ మధ్య బాగా జాగా వదిలి.

* * *

చిన్నప్పుడు మా ఊళ్ళో ఇలాంటి ఉత్తరం ఒకటి చదువుతుంటే విన్నాను. 71 యుద్ధం అప్పుడు. మా వీధి చివర ఇంట్లో అబ్బాయి పోయాడు. టెలిగ్రాం వచ్చిన రోజు ఏడుపులు తప్ప ఇంకేం గుర్తులేదు నాకు, కానీ తర్వాత కొన్నాళ్ళకి కవరు ఒకటి వచ్చింది, ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు, అందుకని పోస్టు మాస్టారే వచ్చి అరుగు మీద కూర్చుని చదివారు. ఊరంతా చుట్టూ చేరింది, పిల్లలం మేము కూడా గోడెక్కి కూర్చున్నాం. అది ఇంగ్లీషు ఉత్తరం, ఆయన ఒక్కో వాక్యం లోపల చదువుకుని తెలుగులో చెప్తున్నారు, మధ్యలో ఒకచోట ఆగిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ వాక్యం వదిలేసి కిందది చదివారని మాకందరికీ తెలిసిపోయింది. ఆ అబ్బాయి తల్లి, "మాస్టారూ, ఏదో వదిలేశారు, చెప్పండి" అని అడుగుతూనే ఉంది. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడ ఎన్నేళ్ళు బతికినా ఆ మాట ఏంటా అని అందర్నీ అడిగేది.

ఆ రోజుల్లో బాడీ ఇంటికి వచ్చేది కాదు. 62లో గానీ 65లో గానీ 71లో గానీ చాలామందికి అక్కడే, ఫ్రంట్ దగ్గరే అంత్యక్రియలు చేసేసేవాళ్ళు. ఊరికి వచ్చేది టెలిగ్రాం, ఉత్తరం, ఆ తర్వాత ఎప్పుడో నల్ల ట్రంకు పెట్టె. ఆఖరి చూపు లేదు, పాడె లేదు. అందుకని ఆ ఇంటివాళ్ళకి మా వాడు నిజంగా పోయాడు అని నమ్మకం కలగాలన్నా, ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు, దగ్గర ఎవరున్నారు, నిప్పు ఎవరు పెట్టారు అని తెలియాలన్నా ఆ ఉత్తరం ఒక్కటే ఆధారం. ఇవన్నీ అందులో లేకపోతే వాళ్ళు జన్మంతా ఎదురుచూస్తూనే ఉంటారు, ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, వాడు ఎక్కడో బతికే ఉన్నాడని.

* * *

మా పల్టన్ సియాచిన్ ఎక్కింది ఎనభైల్లో. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్ మొదలైన తర్వాత పల్టన్లు వంతుల వారీగా వెళ్ళేవి. అక్కడ తూటాల కన్నా మంచు ఎక్కువమందిని తీసుకుపోయింది, ఇది అందరూ ఒప్పుకునే మాటే. పోస్టుల మధ్య సామాను మోసే పార్టీలు ఒకే తాడుకి కట్టుకుని నడుస్తాయి, ఎందుకంటే గ్లేసియర్‌లో పెద్ద పెద్ద పగుళ్ళు ఉంటాయి, వాటి మీద కొత్త మంచు పేరుకుని నేలలాగే కనిపిస్తుంది. ముందు నడిచిన ఇద్దరు దాటేస్తారు, ఆ బరువుకి బలహీనపడ్డ మంచు మూడోవాడి కింద కూలిపోతుంది.

మా లాన్స్ నాయక్ ఒకడు అలాగే పడ్డాడు. ప్రకాశం జిల్లా పడమటి వైపు పిల్లాడు, పేరు చెప్పను, వాళ్ళ వాళ్ళు ఉన్నారు ఇంకా. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు, ఊరి నుంచి ఉత్తరం వస్తే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడే చదువుకునేవాడు. పై నుంచి రేడియోలో కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులోనే ఉన్నాను. పేరు రాలేదు, నంబరు వచ్చింది. ఆర్మీ నంబరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అంకెల్లో ఏదైనా తేడా వస్తే ఆ అక్షరం సరిపోదు, అలా పట్టుకోవచ్చు. అడ్జుటెంట్ సాబ్ నంబరు చెప్తుంటే నేను జవాన్ల సర్వీసు వివరాలుండే షీట్ రోల్ తీసి చూస్తున్నాను, చూసేలోపే నాకు తెలిసిపోయింది ఎవరో.

సీఓ సాబ్ అప్పుడు మొదట చేయించిన పని, నంబరు మళ్ళీ ఒకసారి పై నుంచి చెప్పించి, దాన్ని షీట్ రోల్‌తో, కంపెనీ దగ్గరున్న పేర్ల జాబితా, నామినల్ రోల్‌తో విడివిడిగా సరిచూడటం. ఎందుకంటే మా పల్టన్‌లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు అక్షరం ఉన్నవాళ్ళు ఉండేవాళ్ళు, మన తెలుగువాళ్ళలో అది మరీ ఎక్కువ, ఒకే దేవుడి పేరు ఊరికి పదిమందికి ఉంటుంది. తప్పు ఇంటికి టెలిగ్రాం వెళ్తే ఆ ఇంట్లో ముసలివాళ్ళు ఏమైపోతారో ఆలోచించండి. "ఒక గంట ఆలస్యమైనా పర్వాలేదు, మనిషి మారకూడదు" అనేవారు ఆయన.

* * *

ఉత్తరం రాయడానికి ముందు ఆయన ఎవరెవరితో మాట్లాడేవారో చెప్పాలి. కంపెనీ కమాండర్ రిపోర్టు ఒకటి ఎలాగూ వస్తుంది. ఆయన దానితో ఆగేవారు కాదు. తాడుకి ముందున్నవాడు, వెనకున్నవాడు, ప్లటూన్ హవల్దారు, నర్సింగ్ అసిస్టెంటు, వీళ్ళందరితో రేడియోలోనో, కిందికి దిగాక ఎదురుగానో, విడివిడిగా మాట్లాడేవారు. మా వాడి విషయంలో కంపెనీ నుంచి వచ్చిన మొదటి కాగితంలో వెంటనే ప్రాణం పోయిందని ఉంది. కానీ తాడు వెనక ఉన్న జవాను, మా వాడికి ఎప్పుడూ జోడీగా ఉండే బడ్డీ, చెప్పింది వేరు. పైకి లాగేసరికి ప్రాణం ఉంది, స్పృహ ఉంది, కొంచెంసేపు మాట్లాడాడు కూడా, హెలికాప్టర్ కోసం అడిగారు గానీ కళ్ళముందు చెయ్యి కనపడనంత మంచు, ఎగరలేదు, సాయంత్రం లోపల పోయాడు.

ఇక్కడ అడ్జుటెంట్ సాబ్ ఒక మాటన్నారు, నాకు బాగా గుర్తు. "సార్, వెంటనే పోయాడనే రాద్దాం, తల్లికి కాస్త ఊరటగా ఉంటుంది" అని. మంచి మనసుతో అన్నమాటే, చాలామంది అలాగే రాస్తారు. సీఓ సాబ్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం ఏంటంటే, ఆ బడ్డీ జవాను రేపో మాపో సెలవు మీద వెళ్తాడు, పక్క మండలమే వాళ్ళది, ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండడు, ఆ తల్లి అడక్కుండా ఉండదు, వాడు చెప్పకుండా ఉండలేడు. అప్పుడు సీఓ రాసింది అబద్ధమని తెలిస్తే, ఆ ఉత్తరంలో మిగతా మాటలు కూడా, వాడు మంచి సిపాయి అన్నది కూడా, అబద్ధమే అయిపోతుంది వాళ్ళకి.

కానీ నిజం మొత్తం రాయలేదు. లోపల ఎంతసేపు వేలాడాడు, ఎక్కడెక్కడ విరిగింది, ఇవేవీ లేవు. ఆయన రాసింది ఇంచుమించు ఇలా ఉంటుంది: మీ అబ్బాయి మంచు పగుల్లో పడ్డాడు. తోటివాళ్ళు తమ ప్రాణం లెక్కచెయ్యకుండా వాణ్ణి పైకి తీశారు. అప్పుడు వాడికి తెలివి ఉంది, తనవాళ్ళని గుర్తుపట్టాడు, మీ గురించి మాట్లాడాడు. గాయాలు లోపలివి కావటంతో కాపాడలేకపోయాం. చివరిదాకా వాడి తల అతని స్నేహితుడి ఒళ్ళోనే ఉంది.

చూడండి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అట్లాగని గుండె కోసే మాట కూడా లేదు. నిజానికి కొడుకు ఒంటరిగా పోలేదు అన్నది వెంటనే పోయాడు అన్నదానికన్నా ఆ తల్లికి పెద్ద ఊరట అని నా నమ్మకం, తర్వాత ఆవిణ్ణి చూశాక అది ఇంకా గట్టిపడింది.

నేను అప్పుడు ధైర్యం చేసి ఆయనకి మా ఊరి పోస్టు మాస్టారి సంగతి చెప్పాను. సాబ్, ఈ ఉత్తరం ఆ తల్లి చదవదు, ఎవరో చదివి వినిపిస్తారు, ఊరంతా వింటుంది అని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రాసింది మళ్ళీ తీసుకుని, పొడుగ్గా ఉన్న వాక్యాలు విరగ్గొట్టారు, గట్టిగా చదివితే ఎలా ఉంటుందో నాతో చదివించుకుని విన్నారు. నేను గొంతు పూడుకుపోయి ఆగిన చోట మార్చారు. "చదివేవాడు ఆగకూడదు, ఆగితే ఏదో దాచాడనుకుంటారు" అన్నారు. ఆ తర్వాత నుంచి జవాను ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు ఎవరున్నారు అన్నది కంపెనీని అడిగి కనుక్కోవటం మాకు రివాజు అయింది.

* * *

ఆయన ఒక్కో మరణానికి రెండు ఉత్తరాలు రాసేవారు, పెళ్ళయిన జవాను అయితే. కాగితాల్లో నెక్స్ట్ ఆఫ్ కిన్ భార్యే, పెన్షన్ ఆమెకే. కానీ ఉత్తరం భార్య పేరున ఒక్కటే వెళ్తే తల్లిదండ్రులు మాకు ఎవరూ ఒక్కమాట రాయలేదని బాధపడతారు, తండ్రి పేరున ఒక్కటే వెళ్తే కోడలి దాకా ఆ కవరు రాకపోవచ్చు కూడా, అలాంటి ఇళ్ళు ఉంటాయి. అందుకని విడివిడి కవర్లు, ఒకే రోజు పోస్టు. రెండింట్లో జరిగిన సంగతి ఒక్కటే మాటల్లో ఉండాలి, ఇక్కడొకటి అక్కడొకటి ఉంటే గొడవలు మొదలవుతాయి. మిగతా సగం మాత్రం వేరేగా రాసేవారు.

ఆ మిగతా సగంలో జవాను గురించి ఒక సంగతి తప్పనిసరిగా ఉండేది, వాడిదే, ఇంకెవరికీ సరిపోనిది. ధైర్యవంతుడు, క్రమశిక్షణ గలవాడు, అందరితో కలిసిమెలిసి ఉండేవాడు, ఇవి ఎవరికైనా రాయొచ్చు, ఇవి మాత్రమే ఉన్న ఉత్తరం చదివితే ఈయనకి మావాడు ఎవరో కూడా తెలీదు అని ఇంట్లోవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఎనిమిదొందల మందిలో ప్రతివాణ్ణీ సీఓ దగ్గరగా ఎరిగి ఉండడు, అది నిజమే, అందుకే అడిగి తెలుసుకునేవారు. మా వాడి గురించి ప్లటూన్ హవల్దారు చెప్పిన సంగతి ఇది. పై పోస్టులో చలికి ఎవరూ స్లీపింగ్ బ్యాగులోంచి బయటికి రావటానికి ఇష్టపడరు, పొద్దున్నే మంచు కరిగించి నీళ్ళు చెయ్యాలి, ఆ పని వంతుల ప్రకారం జరగాలి. వీడు మాత్రం ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే చెప్పకుండా వాళ్ళ వంతు తనే చేసేసేవాడు, స్టవ్ మసికి మొహం నల్లగా అయ్యి అలాగే టీ పట్టుకొచ్చేవాడు. సీఓ సాబ్ అది రాశారు, మసి సంగతితో సహా. అంత పెద్ద ఆఫీసరు ఉత్తరంలో స్టవ్ మసి ఏంటని మా హెడ్ క్లర్క్ సాబ్‌కి నచ్చలేదు. కానీ ఆ ఇంట్లో అందరికీ నోటికొచ్చింది ఆ ఒక్క ముక్కే.

అంత్యక్రియలు బేస్ క్యాంపులో జరిగాయి. వాతావరణం తెరిపిచ్చాక బాడీని కిందికి తెచ్చారు. పల్టన్ పండిట్‌జీ మంత్రాలు చదివారు, నిప్పు పెట్టింది వాళ్ళ జిల్లావాడే ఒక నాయక్, వయసులో పెద్దవాడు. ఇవన్నీ ఉత్తరంలో రాశారు, ఏ వేళ జరిగింది, ఎవరు పెట్టారు, అస్థికలు ఫలానా జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు, జేసీఓ సాబ్ స్వయంగా తెస్తున్నారు, ఆయన పేరు ఇది, ఆయన వెంట మీ అబ్బాయి పెట్టె వస్తుంది అని. ఏదో ఒక రోజు గుమ్మంలోకి వచ్చేది ఎవరో పేరుతో సహా ముందే తెలియటం వాళ్ళకి ఎంతో ఉపయోగపడింది.

* * *

ఆ రోజుల్లో ఉత్తరాలు నడిచే తీరు గుర్తుందా. 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు అడ్రసుగా రాస్తే చాలు, జవాను ఎక్కడున్నాడో ఇంటికి తెలియక్కర్లేదు, ఫీల్డ్ పోస్టాఫీసు వెతుక్కుని ఇచ్చేది. కానీ గ్లేసియర్ మీదికి వెళ్ళాలంటే, అక్కడి నుంచి రావాలంటే హెలికాప్టరే దిక్కు, వాతావరణం బాగాలేకపోతే మెయిల్ బ్యాగు రోజుల తరబడి పడి ఉండేది. దానివల్ల ఏమయ్యేదంటే, టెలిగ్రాం ముందు వెళ్ళిపోయేది, ఆ జవాను బతికుండగా రాసిన ఇన్‌లాండ్ లెటరు తర్వాత వెళ్ళేది. నేను కులాసా, మీరు కులాసా అని తలుస్తాను అని. దశదిన కర్మ అయిపోయాక ఆ చేతిరాతతో ఉత్తరం గుమ్మంలో పడితే ఆ ఇంట్లో పుట్టే ఆశ ఎంత దారుణమో చెప్పలేను.

సీఓ సాబ్‌కి ఈ సంగతి తెలుసు. అందుకే తన ఉత్తరంలో రాసేవారు, మీ అబ్బాయి ముందే రాసిన ఉత్తరాలు ఇంకా దారిలో ఉండొచ్చు, అవి ఫలానా తేదీకి ముందు రాసినవే, చూసి కంగారుపడొద్దు అని. మా వాడి ఇంటికి అలాగే ఒకటి వెళ్ళింది.

ఇంటి వైపు నుంచి కూడా అలాగే ఉత్తరాలు వచ్చేవి. వాడు పోయిన తర్వాత వాడి పేరున ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు నా టేబుల్ మీదికే వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక సాబ్ దగ్గరికి తీసుకెళ్ళాను. తిప్పి పంపితే కవరు మీద కొట్టే ముద్ర చూసి ఇంటివాళ్ళు ఏమనుకుంటారో. విప్పటానికి వీల్లేదు, అవి వాడివి. చివరికి విప్పకుండానే దారంతో కట్టి, వాడి సొంత సామాన్ల లిస్టులో రాసి, పెట్టెలో పెట్టించారు. సామాన్ల లిస్టు బోర్డు ఒకటి కూర్చుని రాస్తుంది, గడియారం, ఫొటోలు, స్వెటరు, మనీఆర్డర్ రసీదులు అన్నీ ఒక్కొక్కటిగా. ఆ లిస్టు చివర్లో, విప్పని ఉత్తరాలు ఒక కట్ట, అని నేనే టైపు కొట్టాను.

* * *

బాడీ దొరకనివాళ్ళ ఇళ్ళకి రాసే ఉత్తరం అన్నిటికన్నా కష్టం. చనిపోయాడు అని రాయకూడదు, తేలలేదు కాబట్టి. బతికుండొచ్చు అని రాయకూడదు, ఆశ లేదు కాబట్టి. ఆయన అప్పుడు జరిగింది, వెతికింది మాత్రమే రాసేవారు. ఎంత లోతున మంచు కూలింది, ఎవరెవరు ఎన్ని రోజులు తవ్వారు, ఎందుకు ఆపాల్సి వచ్చింది అని. ఆ వివరం చదివితే ఇంటివాళ్ళకే అర్థమయ్యేది. 19 కుమావూన్ జవాను లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా 1984 మేలో మంచు కింద చిక్కుకుపోతే ఆయన దేహం దొరికింది 2022 ఆగస్టులో, ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, మెడలో నంబరు బిళ్ళ చూసి గుర్తుపట్టారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం ముట్టలేదు. అన్నేళ్ళు ఆ భార్య చేతిలో ఉన్నది కాగితాలే కదా.

* * *

తర్వాత సెలవులో నేను మా వాడి ఇంటికి వెళ్ళాను. అతని భార్య, పాపం చిన్నపిల్ల, సీఓ ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో కలిపి దాచుకుంది. మడతల దగ్గర అప్పటికే చిరుగుతోంది. ఎందుకిలా అయిందమ్మా అంటే, పెన్షన్ పని మీద తిరుగుతూ ఎక్కడికెళ్ళినా ఇదే చూపిస్తున్నానన్నా అంది. ఒక ఆఫీసులో ఇది చెల్లదు పొమ్మన్నారట, ఇంకోచోట ఇందులో ప్రమాదం అని ఉంది, యుద్ధంలో పోయినట్టు కాదు కదా అన్నారట.

ఇది ఆ ఇంటి సంగతే కాదు, చాలా ఇళ్ళలో జరిగేదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సీఓ రాసే ఉత్తరం సర్కారు దస్తావేజు కాదు, పెన్షన్‌కి అది పనికిరాదు. పనికొచ్చేవి వేరే, పల్టన్ వేసే పార్ట్ టూ ఆర్డరు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాగితాలు, రికార్డ్స్ ఆఫీసు ఇచ్చే డెత్ సర్టిఫికెట్, వాటి మీద అప్పట్లో అలహాబాద్ నుంచి వచ్చే పెన్షన్ ఆర్డరు, పీపీఓ. మరణం బ్యాటిల్ క్యాజువాలిటీనా ఫిజికల్ క్యాజువాలిటీనా, అంటే యుద్ధంలో పోయినట్టా మామూలుగా పోయినట్టా అన్నది ఆ కాగితాలు తేలుస్తాయి, దాన్నిబట్టే ఫ్యామిలీ పెన్షన్ మారుతుంది, ఆపరేషన్‌లో పోయినట్టు తేలితే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతం ఎంతో దాదాపు అంతా వస్తుంది, మామూలు ఫ్యామిలీ పెన్షన్‌కీ దానికీ ఎంతో తేడా. అందుకే సీఓ ఉత్తరంలో ఇంత వస్తుంది, భూమి ఇస్తారు, మెడల్ వస్తుంది లాంటి మాట ఒక్కటి కూడా ఉండకూడదు. ఇవ్వటం ఆయన చేతుల్లో లేదు, రాకపోతే ఆ ఇల్లు ఆ కాగితం పట్టుకుని జన్మంతా తిరుగుతుంది.

నేను తిరిగి వెళ్ళి ఈ సంగతి చెప్తే సాబ్ రెండు పనులు చేశారు. ఒకటి, ఉత్తరంలో ప్రమాదం అనే మాట మానేశారు, ఫలానా ఆపరేషన్ డ్యూటీలో ఉండగా జరిగింది అని జరిగింది జరిగినట్టు రాసేవారు, తేల్చే మాట తను వాడేవారు కాదు. రెండోది, కవర్లో వేరే కాగితం ఒకటి పెట్టించటం మొదలెట్టారు. ఉత్తరం దాచుకోవటానికి, ఈ కాగితం తిరగటానికి. ఏ ఏ పత్రాలు ఎక్కడి నుంచి వస్తాయి, రికార్డ్స్‌కి ఏ నంబరు వేసి రాయాలి, జిల్లా సైనిక్ బోర్డు ఎక్కడుంటుంది, గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు వేరే వస్తుంది, దానికోసం ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు అని తెలుగులో నేను రాసి సైక్లోస్టైల్ తీసేవాణ్ణి. అతని భార్యకి కూడా ఒకటి పంపాను. ఆ నంబర్లు వేసి రాశాక పని కదిలింది, పూర్తి పెన్షనే వచ్చింది.

* * *

కార్గిల్‌తో అంతా మారిపోయింది. 1999లో ఐదొందల మందికి పైగా పోయారు, వాళ్ళ దేహాలు పెట్టెల్లో, జెండా కప్పి, సొంత ఊళ్ళకి వచ్చాయి. ఊరు ఊరంతా ఆఖరి చూపు చూసింది. మన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజపుతానా రైఫిల్స్, ఆ జూన్ 28న పోయారు, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. టీవీలో ముందు చూసి ఇంటివాళ్ళు తెలుసుకునే రోజులు అప్పుడే మొదలయ్యాయి. ఇక ఇప్పుడు ఫోన్లు, ఇరవై నాలుగ్గంటల వార్తలు, టెలిగ్రాం అయితే 2013 జులైలో పూర్తిగా మూతపడింది.

అయితే ఉత్తరం పని అయిపోయిందా అంటే, నేను చూసినంతలో దాని వేళ మారింది అంతే. ఇదివరకు అది ఖబురు మోసుకెళ్ళేది. ఇప్పుడు మంత్రులు, కెమెరాలు, దండలు అన్నీ వెళ్ళిపోయి ఇంట్లో నలుగురే మిగిలినప్పుడు అందుతుంది, అప్పుడే వాళ్ళు అసలేం జరిగిందని అడగటం మొదలెడతారు. పెట్టె మూత తీసి చూసినా ఎలా పోయాడో తెలీదు, అది తోటివాళ్ళే చెప్పాలి.

2020 జూన్ 15న గల్వాన్‌లో 16 బిహార్ సీఓ కల్నల్ సంతోష్ బాబు, మన సూర్యాపేట మనిషి, తన మనుషులతో పాటు పోయారు, మొత్తం ఇరవై మంది. ఆ వార్త వినగానే నా పాత ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోయిందంటే, అన్ని ఇళ్ళకి ఉత్తరాలు రాయాల్సిన మనిషే లేడు కదా అని. ఆ పల్టన్‌కి తర్వాత వచ్చిన సీఓ తను దగ్గరగా ఎరగని మనుషుల గురించి రాయాలి, తనకి ముందున్న సీఓ ఇంటికి కూడా రాయాలి. ఏం అడిగి ఉంటారు, ఎవర్ని అడిగి ఉంటారు అని చాలాసేపు అదే ఆలోచన.

* * *

మా వాడి తల్లి నుంచి సీఓ సాబ్‌కి జవాబు వచ్చిన సంగతి చెప్పి ఆపుతాను. స్కూలు పంతులుగారితో రాయించింది, అడ్రసు సరిగ్గా కుదరక అటూ ఇటూ తిరిగి వచ్చింది. ముందంతా దండాలు, మీరు చల్లగా ఉండాలి అని దీవెనలు. సాబ్‌కి అర్థమయ్యేలా నేను హిందీలో చెప్తున్నాను. చివర్లో ఒక్కటే అడిగింది. "అయ్యా, ఆ రోజు పిల్లాడు ఏమన్నా తిన్నాడా, ఖాళీ కడుపుతో పోయాడా?"

సాబ్ ఆ లైను మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. అంతెత్తున ఎవరికీ ఆకలి వెయ్యదు, బలవంతాన మింగాలి, చాలామంది టీతోనే గడిపేస్తారు, అందుకని తిన్నాడనే రాసేద్దాం అని ఊరికే అనేయటానికి లేదు. ఆ పోస్టులో అప్పుడు వంట చూసిన జవాను కిందికి దిగి సెలవులో వెళ్ళిపోయాడు. అతను తిరిగి వచ్చేదాకా ఆగి, పిలిపించి అడిగారు. అతనికి గుర్తుంది. బయల్దేరే ముందు రెండు మగ్గుల టీ తాగాడు, శక్కర్‌పారాలు ఒక గుప్పెడు తిన్నాడు, ఇంకో గుప్పెడు దారికని జేబులో వేసుకున్నాడు అని చెప్పాడు. సాబ్ అదే రాశారు, ఒక చిన్న ఉత్తరం, నాలుగే లైన్లు. దానికి తెలుగు కాపీ నేను రాస్తే, శక్కర్‌పారాలు అంటే ఆవిడకి తెలుస్తుందా అని అడిగారు. తెలీకపోవచ్చు సాబ్, మైదాతో చేసే తీపి బిళ్ళలు అని రాశాను అంటే, సరే అని సంతకం పెట్టారు.

ఆ తర్వాత మా పల్టన్‌లో ఎవరు పోయినా, కంపెనీలకి మేము పంపే ప్రశ్నల కాగితంలో, నంబరు, వేళ, చోటు, దగ్గరున్నవాళ్ళు, అంత్యక్రియలు చేసినవాళ్ళు, వీటి కింద ఇంకొక లైను చేర్చించారు, ఆ రోజు లంగర్‌లో ఏం తిన్నాడో కనుక్కుని రాయండి అని. నేను ఆ పల్టన్ వదిలి వచ్చేదాకా ఆ లైను అలాగే ఉంది.